గోదాములో ఎన్ని బస్తాలు పడతాయి? గోడల జాగా, దారులు, ఎత్తు వదిలి లెక్క కట్టడం ఎలా

"మా గోదాము 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు, 18 అడుగుల ఎత్తు. ఎన్ని బస్తాల వడ్లు పడతాయి?" కొలతలు మారుతుంటాయి గానీ అడిగేది ఎప్పుడూ ఇదే. ప్రశ్నతో పాటు చాలామంది తమ లెక్క కూడా పంపుతారు. గోదాము ఘనపరిమాణాన్ని ఒక బస్తా ఘనపరిమాణంతో భాగిస్తే 16,666 వచ్చిందంటారు. ఆ లెక్కను నమ్మి లారీలు పిలిపిస్తే మూడింట రెండొంతుల బస్తాలు బయటే ఉండిపోతాయి. ఈ గోదాములో నిజంగా పట్టేవి 5,748. ఈ రెండు అంకెల మధ్య తేడా ఎక్కడ పోయిందో తెలియాలంటే ఒక గోదామును మొదటి నుంచి చివరిదాకా లెక్క కట్టి చూడాలి. మీ కొలతలు వేరైనా పద్ధతి ఇదే.

కావలసినవి

కనీసం 50 అడుగుల టేపు, సుద్దముక్క, గళ్ల కాగితం, క్యాలిక్యులేటర్. వీటితో పాటు మీరు నిల్వ చేయబోయే రకం బస్తాలే, నిండుగా కుట్టినవి, కనీసం పది కావాలి. ఖాళీ సంచి కొలతలు పనికిరావు. 50 కిలోల బియ్యానికి వాడే గోనె సంచి ఖాళీగా 94 సెంటీమీటర్ల పొడవు, 57 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అందులో 40 కిలోల వడ్లు పోసి కుడితే పొట్ట ఉబ్బుతుంది, పొడవూ వెడల్పూ రెండూ తగ్గుతాయి.

1. బస్తాను కొలవండి, కానీ ఒక్కదాన్ని కాదు

పది బస్తాలను పక్కపక్కన ఆనించి పరచండి. మొత్తం వెడల్పు కొలిచి పదితో భాగించండి. తర్వాత ఐదు బస్తాలను తలా తోకా తగిలేలా ఒకే గీతలో పెట్టి మొత్తం పొడవు కొలిచి ఐదుతో భాగించండి. మందం కోసం విడి బస్తాను కొలవొద్దు, అది లావుగా కనిపిస్తుంది. ఇప్పటికే పేర్చిన దొంతర ఎక్కడైనా ఉంటే అందులో పది వరసల ఎత్తు కొలిచి పదితో భాగించండి. పైబరువు పడి అణిగిన మందమే మనకు కావాలి.

మన ఉదాహరణలో పది బస్తాల వెడల్పు 16 అడుగులు, ఐదు బస్తాల పొడవు 13 అడుగుల 6 అంగుళాలు, పది వరసల ఎత్తు 6 అడుగులు. అంటే ఒక్కో బస్తా 2.7 అడుగుల పొడవు, 1.6 అడుగుల వెడల్పు, 0.6 అడుగుల మందం.

ఇక్కడ ఒక జాగ్రత్త. టేపు మీద 13 అడుగుల 6 అంగుళాలు అంటే 13.6 కాదు, 13.5. అంగుళాలను 12తో భాగించాకే అడుగులకు కలపాలి. 2 అడుగుల 8 అంగుళాలను 2.8గా రాసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అది 2.67. ఈ చిన్న తేడా ఎంత నష్టం చేస్తుందో ఐదో మెట్టులో తెలుస్తుంది.

2. గోదామును లోపలి నుంచి కొలవండి

ప్లాను కాగితం మీద రాసిన కొలతల్లో గోడల మందం కలిసి ఉండొచ్చు. టేపు పట్టి లోపలి గోడ నుంచి లోపలి గోడకు కొలవండి. పొడవును మూడు చోట్ల, వెడల్పును మూడు చోట్ల కొలిచి అన్నింటికన్నా చిన్నదాన్ని తీసుకోండి, ఎందుకంటే గోడలు సరిగ్గా మూలమట్టంగా ఉండటం అరుదు.

ఎత్తును కప్పు శిఖరం దాకా కొలవొద్దు. నేల నుంచి ట్రస్సు కింది కమ్మీ దాకా, లేదా అన్నింటికన్నా కిందికి ఉన్న దూలం దాకా కొలవండి. నడుమ స్తంభాలుంటే, తలుపు రెక్క లోపలికి తెరుచుకుంటే, వాటి చోటును కాగితం మీద ముందే గుర్తు పెట్టుకోండి.

మన గోదాము లోపల 60 అడుగులు, 40 అడుగులు. ట్రస్సు కింది దాకా 18 అడుగులు. స్తంభాలు లేవు. తలుపులు రెండు, 40 అడుగుల గోడల నడుమ ఎదురెదురుగా ఉన్నాయి.

3. గోడల జాగా, దారులు ముందే తీసేయండి

గోడకూ దొంతరకూ మధ్య నాలుగు వైపులా రెండున్నర అడుగులు వదలండి. గోడను ఆనుకున్న బస్తా వానాకాలంలో చెమ్మ పీలుస్తుంది. ఎలుక దారి చేసుకుంటే చూడటానికి మనిషి వెళ్లలేడు, మందు కొట్టడానికి చేయి పట్టదు. తలుపు నుంచి తలుపుకు నడిచే పెద్ద దారి ఆరు అడుగులు ఉంచండి. ఒక హమాలీ బస్తా మోస్తూ వస్తుంటే ఇంకొకరు ఎదురుగా వెళ్లగలగాలి. దొంతరకూ దొంతరకూ మధ్య మూడు అడుగులు చాలు. పురుగు మందు పొగ పెట్టేటప్పుడు దొంతర మీద కప్పే పట్టా అంచును నేల మీద పరచి, ఇసుక సంచులతో అదిమి పెట్టడానికి ఆ జాగా కావాలి.

వెడల్పులో: 40లోంచి గోడలకు 5 తీసేస్తే 35. పెద్ద దారికి 6 తీసేస్తే 29. దారికి చెరో వైపు 14.5 అడుగులు.

పొడవులో: 60లోంచి గోడలకు 5 తీసేస్తే 55. దారికి ఒక్కో వైపు మూడు దొంతరలు వేద్దామనుకుంటే మధ్యలో రెండు సందులు, వాటికి 6 అడుగులు. మిగిలేది 49. మూడుతో భాగిస్తే ఒక్కో దొంతరకు 16.33 అడుగులు.

అంటే 16.33 అడుగుల పొడవు, 14.5 అడుగుల వెడల్పు ఉన్న జాగాలు ఆరు. వీటి మొత్తం విస్తీర్ణం సుమారు 1,421 చదరపు అడుగులు. గోదాము నేల 2,400 చదరపు అడుగులు కాబట్టి ఎత్తు సంగతి రాకముందే నేలలో నూటికి 41 వంతులు పోయాయి. కింద బస్తా పడేది 59 వంతుల్లోనే.

4. దొంతర కొలతను బస్తాకు సరిపెట్టండి

చాలా లెక్కలు ఇక్కడే తప్పుతాయి. బస్తాలన్నీ ఒకే వైపు తిప్పి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేరిస్తే దొంతర నిలబడదు. కింది వరసలోని అతుకుల మీదే పై వరస అతుకులు పడి పక్కకు విచ్చుకుంటుంది. కాబట్టి ప్రతి వరసలోనూ బస్తాల దిశ మార్చాలి. దిశ మార్చినా వరస అంచులు దాదాపు ఒకే చోటికి రావాలి. లేకపోతే పై బస్తా కింది బస్తాను దాటి గాలిలో నిలబడుతుంది.

మన బస్తాకు ఒక సౌకర్యం ఉంది. ఆరు బస్తాల పొడవు 16.2 అడుగులు, పది బస్తాల వెడల్పు 16 అడుగులు. రెండూ ఇంచుమించు సమానం. 16.33 అడుగుల వైపు ఏ దిశలో పెట్టినా సరిపోతుంది.

రెండో వైపు 14.5 అడుగులు. అందులో ఐదు పొడవులు పెడితే 13.5, ఆరు పెడితే 16.2. ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ. ఇలాంటప్పుడు ఒకే వరసలో రెండు దిశలూ కలపండి. మూడు పొడవులు అంటే 8.1 అడుగులు, నాలుగు వెడల్పులు అంటే 6.4 అడుగులు. కలిపితే సరిగ్గా 14.5.

5. ఒక్క వరసలో బస్తాలు లెక్కపెట్టండి

8.1 అడుగుల భాగంలో బస్తాలను దొంతర వెడల్పు దిశలో పడుకోబెట్టండి. పక్కపక్కన పది, అలాంటివి మూడు బారులు. 30 బస్తాలు. మిగిలిన 6.4 అడుగుల భాగంలో దొంతర పొడవు దిశలో పడుకోబెట్టండి. తలా తోకా ఆరు, అలాంటివి నాలుగు బారులు. 24 బస్తాలు. వరసకు 54.

రెండో వరసలో ఈ రెండు భాగాల చోటు మార్చండి. ఎడమన ఉన్న 30 కుడికి, కుడిన ఉన్న 24 ఎడమకు. లెక్క మళ్లీ 54, అంచులు అవే, అతుకు మాత్రం జరిగిపోతుంది. మూడో వరస మొదటి దానిలా, నాలుగోది రెండో దానిలా. బయటి అంచున పడే బస్తాల కుట్టిన మూతి లోపలికి ఉండాలి, కుట్టు ఊడినా వడ్లు దారిలోకి రాలవు.

భాగించేటప్పుడు వచ్చిన దశాంశాన్ని ఎప్పుడూ కొట్టేయాలి. 6.9 వచ్చినా ఆరే, ఏడు కాదు. 16.33ని 1.6తో భాగిస్తే 10.2 వస్తుంది, అది పది. ఇప్పుడు మొదటి మెట్టులో బస్తా వెడల్పు ఒక్క అంగుళం ఎక్కువగా కొలిచారనుకోండి, 1.68 అయింది. అప్పుడు 16.33లో పది పట్టవు, తొమ్మిదే. 6.4లో నాలుగు బారులు పట్టవు, మూడే. వరస 54 నుంచి 45కి పడిపోతుంది. అంగుళం తేడాకు వరసకు తొమ్మిది బస్తాల తేడా. పది బస్తాలు కలిపి కొలవమని పట్టుబట్టేది ఇందుకే.

లెక్క కాగితం మీద అయ్యాక గోదాము నేల మీద సుద్దతో ఒక దొంతర గీసి, మొదటి వరసను నిజంగా పరిచి చూడండి. 54 పడితే ముందుకు వెళ్లండి. పడకపోతే బస్తా కొలత తప్పు, గోదాముది కాదు.

6. ఎన్ని వరసలు?

రెండు హద్దులున్నాయి. రెండింటిలో చిన్నదే మీ జవాబు.

మొదటిది కప్పు. 18 అడుగుల్లో పైన కనీసం నాలుగు అడుగులు వదలండి. మనిషి వంగి పైకెక్కి పట్టా పరచాలి, నమూనా తీయాలి, రేకుల వేడి పై బస్తాలకు నేరుగా తగలకూడదు. కింద చెక్క క్రేట్లకు అర అడుగు. మిగిలిన 13.5ను 0.6తో భాగిస్తే 22.5, అంటే 22 వరసలు.

రెండోది దొంతర స్థిరత్వం, మోసే మనుషులు. హమాలీలు వీపు మీద మోసి, మెట్లుగా పేర్చుకుంటూ ఎక్కించే చోట నేను 18 దాటమని చెప్పను. కన్వేయర్ ఉండి, గోనె సంచులు కొత్తవై, పేర్చేవాళ్లు అనుభవం ఉన్నవాళ్లయితే 22 దాకా వెళ్లొచ్చు. ప్లాస్టిక్ నేత సంచులు జారతాయి, వాటికి మూడు నాలుగు వరసలు తగ్గించండి. ఇంకో విషయం, ఈ లెక్క నేల మీద కట్టిన గోదాముకే. 18 వరసలంటే చదరపు అడుగుకు సుమారు 165 కిలోల బరువు. మేడ మీద గదిలో ఇలా పేర్చాలంటే ఇంజినీరును అడగకుండా ఒక్క వరస కూడా వేయొద్దు.

మన గోదాములో మోత హమాలీలదే, కాబట్టి 18. పై వరసను అన్ని వైపులా కాస్త లోపలికి లాగి వేయండి, అంచు బస్తా జారి దారిలో మనిషి మీద పడకుండా ఉంటుంది. ఆ వరసలో పొడవు దిశలో ఐదు, వెడల్పు దిశలో ఎనిమిది, మొత్తం 40.

7. గుణించండి

ఒక దొంతర = 17 × 54 + 40 = 958 బస్తాలు
ఆరు దొంతరలు = 6 × 958 = 5,748 బస్తాలు
40 కిలోల చొప్పున = 2,299 క్వింటాళ్లు

కన్వేయర్ పెట్టి 22 వరసలు వేస్తే దొంతరకు మరో 216 చేరి మొత్తం 7,044 అవుతుంది. కప్పు దాకా పేర్చినట్టు లెక్కేసినా 16,666 దరిదాపుల్లోకి రాదు.

తలుపు పొడవాటి గోడకు ఉంటే

ఇదే గోదాముకు తలుపులు 60 అడుగుల గోడల నడుమ ఉన్నాయనుకోండి. పెద్ద దారి అడ్డంగా వస్తుంది. పొడవులో 55లోంచి 6 తీసేస్తే 49, దారికి చెరో వైపు 24.5. వెడల్పులో 35ను రెండు దొంతరలకు పంచి మధ్య సందు మూడు అడుగులు వదిలితే ఒక్కోదానికి 16 వస్తుంది. ఇక్కడ ఆగి ఆలోచించండి. 16లో బస్తా పొడవులు ఐదే పడతాయి, ఆరు పడాలంటే 16.2 కావాలి. సందును 2.6 అడుగులకు తగ్గిస్తే ఆ 16.2 దొరుకుతుంది. మనిషి నడవడానికి, పట్టా అదమడానికి 2.6 సరిపోతుంది.

ఇప్పుడు ఒక వరసలో తొమ్మిది పొడవులు, పది వెడల్పులు, మొత్తం 90. తర్వాతి వరసలో దిశ మార్చి పదిహేను వెడల్పులు, ఆరు పొడవులు, అదీ 90. రెండు దిశలు కలపాల్సిన పని కూడా లేదు. పై వరస లోపలికి లాగితే 72. దొంతరకు 17 × 90 + 72 = 1,602, నాలుగు దొంతరలకు 6,408. అదే గోదాము, అవే గోడలు, 660 బస్తాలు ఎక్కువ.

అలాగని పెద్ద దొంతరే ఎప్పుడూ మేలనుకోవద్దు. 1,602 బస్తాల దొంతరకు పెద్ద పట్టా కావాలి. పాత సరుకు ముందు పోవాలంటే దొంతరకు ఒకే రోజుల సరుకు ఉండాలి, చిన్న దొంతరల్లో అది తేలిక. రోజూ కొద్దికొద్దిగా సరుకు వచ్చి పోయే గోదాముకు ఆరు దొంతరల పద్ధతే నా ఓటు. సీజన్‌లో ఒకేసారి నింపి నెలల తర్వాత ఒకేసారి ఖాళీ చేసే చోట నాలుగు దొంతరలు మంచివి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

గోడల జాగా ఒక్కటే తీసేసి, మిగిలిన మొత్తం నేలను ఒకే ముక్కగా లెక్కపెట్టడం మొదటిది. 55 × 35 చదరపు అడుగులను బస్తా విస్తీర్ణంతో భాగిస్తే వరసకు 445 వస్తాయి. మన ఆరు దొంతరల్లో వరసకు పడేవి 324. పెద్ద దారి, సందులు ఆ లెక్కలో లేవు.

రెండోది, వడ్ల బస్తా లెక్కను బియ్యం బస్తాకు వాడటం. అదే సంచిలో బియ్యం 50 కిలోలు పడుతుంది, బస్తా ఆకారమూ అణిగే తీరూ వేరు. సరుకు మారితే మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

మూడోది స్తంభం. దొంతర నడుమ స్తంభం వస్తే ఆ ఒక్క స్తంభం కొలతే తీసేస్తే సరిపోదు, చుట్టూ బస్తాల దిశ చెడుతుంది. వీలైతే స్తంభాలు దారిలోకి, సందుల్లోకి వచ్చేలా దొంతరలను జరపండి. అందుకు దొంతర చిన్నదైనా ఫరవాలేదు.

నాలుగోది, కొన్ని నెలల తర్వాత ఎత్తు కొలిచి బస్తాలు తగ్గాయనుకోవడం. వడ్లు ఆరి, సంచులు అణిగి దొంతర కుంగుతుంది. అడుగులు చూడొద్దు, వరసలు లెక్కపెట్టండి.

లెక్క సరిగ్గా ఉందో ఎలా చూడాలి

పేర్చేటప్పుడే చూడటం తేలిక. మూడు వరసలు పడ్డాక ఆగి, దొంతర ముఖాలు చూడండి. ఆరు దొంతరల పద్ధతిలో 16 అడుగుల ముఖం వైపు నిలబడితే ఒక వరసలో బస్తా తలలు పది, తర్వాతి దానిలో బస్తా పక్కలు ఆరు, మళ్లీ పది, ఇలా మారుతూ కనిపించాలి. 14.5 అడుగుల ముఖంలో ప్రతి వరసలోనూ మూడు పక్కలు, నాలుగు తలలు, మొత్తం ఏడు, కానీ వరస వరసకూ వాటి చోటు ఎడమకూ కుడికీ మారాలి. రెండు వరసలు పక్కపక్కనే ఒకేలా కనిపిస్తే హమాలీలు దిశ మార్చడం మరిచారని అర్థం. అప్పుడే సరిదిద్దించండి, పది వరసలయ్యాక వీలుకాదు.

పేర్చడం అయిపోయాక బయటి ముఖాలు సరిగ్గా ఉన్నంత మాత్రాన లోపల నిండుగా ఉన్నట్టు కాదు. నడుమ గుల్ల వదిలి చుట్టూ గోడలా పేర్చినా బయటికి అచ్చం ఇలాగే కనిపిస్తుంది. దీనికి తూకం చిట్టీలే సాక్ష్యం. ఏ లారీ సరుకు ఏ దొంతరలో పడిందో రాసుకోండి. 958 బస్తాలకు వడ్లు 38,320 కిలోలు. కొత్త గోనె సంచి ఒక్కోటి 580 గ్రాములు, వాటికి మరో 556 కిలోలు. ఆ దొంతరకు వచ్చిన లారీల నికర తూకం మొత్తం 38,876 కిలోలకు దగ్గరగా ఉండాలి. పాత సంచులైతే కాస్త తక్కువ వస్తుంది. తేడా ఐదారు బస్తాల బరువును దాటితే పై వరసలో నడుమ నాలుగైదు బస్తాలు ఎత్తించి లోపలికి చూడండి, ఒక బారు బస్తాలు కిందిదాకా తగులుతున్నాయో లేదో తెలుస్తుంది.